చామనఛాయ ఒంటి మీద బొల్లి: రెప్ప, నుదురు, నడుం, వేళ్ల కొసలు. వీటిలో ఏవి మళ్లీ రంగు తేలతాయి?

విజీనగరం_అన్న
మా చెల్లికి 24 ఏళ్లు. చామనఛాయ కంటే ఇంకాస్త నలుపు. అయిదు నెలల కింద ఎడమ కంటి పైరెప్ప మీద చిక్కుడుగింజంత తెల్లమచ్చ వచ్చింది. తర్వాత రెండు చేతులకీ కలిపి నాలుగు వేళ్ల కొసలు తెల్లబడ్డాయి. నుదుట బొట్టుబిళ్ల పెట్టుకునే చోట గుండ్రంగా ఇంకొకటి. పోయిన నెల నుంచి నడుం చుట్టూ, లంగా నాడా బిగించే చోట, సన్నటి తెల్లగీత కనిపిస్తోంది. మందుల షాపతను ఇచ్చిన ట్యూబు రెండు నెలలుగా అన్ని మచ్చలకీ రాస్తోంది, రెప్పకి కూడా. దాని మీద క్లోబెటసాల్ అని ఉంది.

మాఘమాసంలో పెళ్లి. అంటే చేతిలో ఎనిమిది నెలలున్నాయి. నేను అడిగేది రెండే. అప్పటికి ఎక్కడెక్కడ ఎంత రంగు వస్తుందని ఆశ పెట్టుకోవచ్చు? ముందు ఏం చెయ్యాలి? ఇంట్లో చేపలు, వంకాయ, చింతపండు అన్నీ మాన్పించేశారు. "ధైర్యంగా ఉండండి" అని మాత్రం రాయకండి, అది రోజూ వింటున్నాం.

గోదారిగట్టు
తమ్ముడూ, కంగారు పడకు. వానాకాలం ముందు చెమటకి ఇలాంటి శోభి మచ్చలు చాలామందికి వస్తాయి. కీటోకోనజోల్ షాంపూ ఒంటికి రాసి పది నిమిషాలుంచి కడిగేస్తే రెండు వారాల్లో పోతాయి. మా ఇంట్లో ఇద్దరికి పోయాయి.

స్కిన్_ఓపీ
గోదారిగట్టు గారూ, మీ ఇంట్లో పోయినవి శోభి మచ్చలే అయ్యుంటాయి, కానీ ఇవి అవి కావు. శోభి ఛాతీ, వీపు, మెడ మీద వస్తుంది. గోటితో గీరితే సన్నటి పొడి రాలుతుంది. పాలలా తెల్లబడదు, వెలిసినట్టు ఉంటుంది. వేళ్ల కొసలకి, రెప్పకి రాదు. రెప్ప, వేళ్ల కొసలు, రాపిడి తగిలే నడుం కలిసి వచ్చాయంటే నేను ముందు అనుకునేది బొల్లే. అయినా ఒకసారి చర్మవైద్యుల దగ్గర చీకటి గదిలో ఊడ్స్ దీపం కింద చూపించండి. బొల్లి మచ్చ ఆ వెలుతురులో సున్నం కొట్టినట్టు నీలి తెలుపులో మెరుస్తుంది, అంచు గీత గీసినట్టు తెలుస్తుంది. మామూలు వెలుతురులో కనపడని కొత్త మచ్చలూ అందులో బయటపడతాయి.

అన్నగారూ, ఇవాళే చెయ్యాల్సిన పని ఒకటుంది. రెప్ప మీద క్లోబెటసాల్ ఆపించండి. స్టెరాయిడ్లలో అన్నిటికంటే ఘాటైనది అదే, రెప్పేమో ఒంట్లో అన్నిటికంటే పల్చటి చర్మం. రెండు నెలలు రాశారు కాబట్టి కంటి డాక్టరు దగ్గర కంట్లో ఒత్తిడి కూడా కొలిపించండి, నీటికాసులు, శుక్లం భయం ఉంటుంది. రెప్ప కాగితంలా పల్చబడి, ఎర్రటి నరాలు కనిపిస్తుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఆపిన వారంలో కాస్త ఎర్రబడి మండొచ్చు. అప్పుడు మళ్లీ అదే ట్యూబు అందుకోకూడదు.

ఇక మీరు రాసిన వాటిలో నాకు ముఖ్యంగా అనిపించింది నాడా గీత. మచ్చ సైజు కన్నా దాని అర్థం పెద్దది. రాపిడి తగిలిన చోటల్లా కొత్త మచ్చ పుడుతోందంటే జబ్బు ఇప్పుడు చురుగ్గా ఉందన్నమాట. అలాంటప్పుడు రంగు తెప్పించడం గురించి ముందే ఆలోచిస్తే, కుండ కారుతుంటే నీళ్లు పోస్తున్నట్టు అవుతుంది. ముందు వ్యాప్తి ఆగాలి.

రామారావు_మాస్టారు
నాయనా, బొల్లి రక్తదోషం వల్ల, రోగనిరోధక శక్తి తగ్గడం వల్ల వస్తుంది. పాలు, చేపలు కలిపి తినడం పెద్ద కారణం. మన పెద్దలు దీనికి బావంచాలు వాడేవారు. గింజలు నూరి మచ్చకి పట్టించి పొద్దుటి ఎండలో కూర్చుంటే నెల తిరగకుండా నలుపు తిరుగుతుంది. ఇంగ్లీషు మందులు పైపైన పనిచేస్తాయంతే.

స్కిన్_ఓపీ
మాస్టారూ, బావంచాల విషయంలో మీరు సగం కరెక్టు. ఆ గింజల్లో సోరాలెన్ అనే పదార్థం నిజంగానే ఉంది. దాన్ని పూసి ఎండ తగిలిస్తే రంగు కణాలు లేస్తాయి. ఆ సూత్రం మీదే ఆసుపత్రుల్లో సోరాలెన్‌తో లైటు వైద్యం నడిచింది. చిక్కు మోతాదుతోనే. ఏ గింజలో ఎంతుందో తెలియదు, మే నెల ఎండకీ డిసెంబరు ఎండకీ పోలిక లేదు. పావుగంట ఎక్కువైతే మర్నాటికి బొబ్బలు తేలతాయి. చురుగ్గా ఉన్న బొల్లిలో బొబ్బ కూడా గాయమే. నాడా గీతలాగే బొబ్బ ఎంత మేర వస్తే మచ్చ అంత మేర పెరుగుతుంది. ఇక రెప్ప మీద అయితే దాని మాటే ఎత్తకూడదు.

రోగనిరోధక శక్తి తగ్గిందన్నది మాత్రం తలకిందులు. అది దారి తప్పి ఎక్కువగా పనిచేస్తోంది. మన ఒంట్లో వైరస్ పట్టిన కణాలని చంపే టీ కణాలు రంగు కణాలని శత్రువులనుకుని చంపుతున్నాయి. చంపేటప్పుడు గామా ఇంటర్‌ఫెరాన్ అనే సంకేతం విడుదలవుతుంది, దాంతో చర్మం ఇంకొన్ని టీ కణాలని అక్కడికి పిలుచుకుంటుంది. మచ్చ అంచు పాకుతూ పోవడం ఇందువల్లే. అందుకే "ఇమ్యూనిటీ పెంచే" పొడులకి డబ్బు తగలెయ్యొద్దు. పాలు, చేపలు, వంకాయ, చింతపండు బొల్లిని తెస్తాయనడానికి ఆధారం లేదు. పెళ్లికూతురిని పస్తులు పెట్టకండి.

కుంకుమభరిణె
నుదుటి మచ్చ బొట్టుబిళ్ల వల్లేమో అని ఎవరూ అడగలేదేం? సరిగ్గా బిళ్ల సైజులోనే ఉందా అన్నగారూ?

విజీనగరం_అన్న
అవునండీ, సరిగ్గా బిళ్లంతే. నాలుగేళ్లుగా ఒకే రకం బిళ్లలు వాడుతోంది, రాత్రి కూడా తియ్యదు.

స్కిన్_ఓపీ
మంచి ప్రశ్న వేశారు కుంకుమభరిణె గారూ. కొన్ని బిళ్లల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్‌ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. పేరు పొడుగే గానీ పని సూటిగా చేస్తుంది. రంగు కణంలోకి దూరి దాన్ని చంపుతుంది. దురద, ఎరుపు ఏమీ లేకుండానే తెల్లబడొచ్చు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. రబ్బరు చెప్పుల పట్టీల కింద, తలకి రంగు వేసుకునేవాళ్ల చెవుల వెనక వచ్చే తెల్లమచ్చల కథా ఇలాంటిదే. జిగురు బిళ్ల మానేస్తే కొన్ని నెలల్లో దానంతటదే కొంత రంగు తిరగొచ్చు.

ఇక్కడ మెలిక ఏంటంటే, రసాయనం తాకిన చోట మొదలై తాకని చోటికీ పాకేవి ఉంటాయి. అసలు బొల్లి ఉన్నవాళ్లకి బిళ్ల పెట్టిన చోట ముందు రావడమూ ఉంది. మీ చెల్లికి బిళ్ల తాకని రెప్పకీ వేళ్లకీ కూడా వచ్చాయి కాబట్టి మొత్తం నెపం జిగురు మీదికి నెట్టలేను. బిళ్ల మాత్రం ఈ రోజు నుంచే మానాలి. పెళ్లినాటికి జిగురు లేని కల్యాణ తిలకం పెడతారు, దానికీ ముందు చెవి వెనక రెండు రోజులు పెట్టి చూసుకోవాలి.

దీపాలగది
నేను లైటు ట్రీట్‌మెంట్ గదిలో పనిచేస్తా. అన్నగారికి పనికొచ్చేది చెప్తా. 311 నానోమీటర్ల యూవీబీ దీపాలు, వారానికి మూడుసార్లు, రెండు సిట్టింగులకి మధ్య కనీసం ఒక రోజు ఖాళీ. మొదటి రోజు చదరపు సెంటీమీటరుకి 200 మిల్లీజూల్స్, అంటే చాలా యంత్రాల్లో నిమిషం లోపే అయిపోతుంది. ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుతాం. పది శాతం చొప్పున పెంచితే పదో సిట్టింగుకి సుమారు 470, ఇరవై చొప్పున అయితే వెయ్యి దాటుతుంది. ఎంత పెంచాలో కాగితం చెప్పదు, మచ్చ చెబుతుంది. మర్నాడు మచ్చ లేత గులాబీ రంగులో ఉండి 24 గంటల్లో తగ్గిపోతే సరైన మోతాదు, అక్కడే ఆపి ఉంచుతాం. ఇంకా ఎర్రగా ఉంటే తగ్గేదాకా సిట్టింగు లేదు.

నల్లటి ఒంట్లో జరిగే పొరపాటు ఒకటుంది. చుట్టూ ఉన్న చర్మం చూసి "ఏం ఎర్రబడలేదు కదా" అంటారు. ఆ చర్మానికి రంగు గొడుగులా అడ్డం ఉంది. మచ్చకి గొడుగు లేదు. ఎరుపు మచ్చలోనే వెతకాలి.

ఇంకోటి, దీనికే సగం మంది మానేస్తారు. మొదటి నెల, నెలన్నర చుట్టూ చర్మం ఇంకా నల్లబడుతుంది, మచ్చ ఇంకా తెల్లగా కొడుతుంది. "లైటు పెట్టాక ఎక్కువైంది" అంటారు. ఎక్కువవలేదు, తేడా పెరిగిందంతే. ఆ సమయంలో భూతద్దంతో మచ్చలో చూడండి. గసగసాలు చల్లినట్టు గోధుమరంగు చుక్కలు, ఒక్కో వెంట్రుక మొదట్లో ఒక్కోటి కనిపిస్తే రంగు బయల్దేరినట్టే. ఆ చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి.

డల్లాస్_అక్క
ఇక్కడ రుక్సోలిటినిబ్ క్రీమ్ దొరుకుతుంది, 2022లో బొల్లికి అనుమతి వచ్చింది. ముఖానికి రోజుకి రెండుసార్లు రాసుకున్నా, నాకు ఆరు నెలల్లో చాలావరకు నిండింది. అక్కడ వాళ్లు ఇంకా లైట్లూ స్టెరాయిడ్లూ అంటున్నారేంటి? ఎవరితోనైనా పంపించనా?

స్కిన్_ఓపీ
అక్కా, మీకు పనిచేసినందుకు సంతోషం. అది మంచి మందే. గామా ఇంటర్‌ఫెరాన్ చెప్పానే, ఆ సంకేతం కణం లోపలికి జాక్ అనే తీగ మీదుగా వెళ్తుంది. ఈ క్రీమ్ ఆ తీగని నొక్కి పట్టుకుంటుంది. కానీ దాని పరీక్షల్లోనే 24 వారాలకి ముఖం మూడు వంతులు నిండినవాళ్లు పదిమందిలో ముగ్గురు. ఏడాదికి సుమారు సగం మంది. చేతివేళ్లకి దానితోనూ అంతంతమాత్రమే. మీరు ఆ ముగ్గురిలో ఉన్నారు, అందరూ ఉంటారని ఆశ పెట్టలేం. సూట్‌కేసులో ట్యూబు పంపడం వద్దు. ఎంత మేరకి రాయాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఇక్కడ చూసే డాక్టరు చేతిలో ఉండాలి. మన దగ్గర ఇదే కోవలోని టోఫాసిటినిబ్ పూత మందు కొందరు డాక్టర్లు వాడుతున్నారు. బొల్లికి దాని అనుభవం ఇంకా చిన్నది.

మాత్రల రూపంలో జాక్ మందుల గురించి అన్నగారు అడగకముందే చెప్తా. మొదలుపెట్టే ముందు క్షయ, హెపటైటిస్, కొవ్వు పరీక్షలు చెయ్యాలి, మధ్యలో గర్భం రాకూడదు. మాఘంలో పెళ్లి పెట్టుకుని ఇది మొదలుపెట్టాలంటే ఆ సంగతులన్నీ విడిగా కూర్చుని మాట్లాడాలి.

విజీనగరం_అన్న
చాలా థాంక్స్ అందరికీ. మరి మా చెల్లికి సరిగ్గా ఏ వరసలో? వేళ్ల గురించి ఎవరూ సూటిగా చెప్పట్లేదు.

స్కిన్_ఓపీ
సూటిగా చెప్తా, నచ్చకపోవచ్చు.

రంగు ఎక్కువగా తిరిగి వచ్చేది చర్మం పైపొర నుంచి కాదు, వెంట్రుక కుదురు లోపల దాగి ఉన్న రంగు కణాల నుంచి. దీపాలగది గారు చెప్పిన గసగసాల చుక్కలు అవే. ఇప్పుడు వేలి కొస చూడండి. అక్కడ వెంట్రుక లేదు. విత్తనం లేని మడి అది. పెదవి అంచులకీ ఇదే చిక్కు. మచ్చ మీది వెంట్రుకలే తెల్లబడితే ఆ కుదుళ్లలోనూ కణాలు పోయాయని అర్థం, అక్కడా ఆశ తక్కువ. అందుకే రేపు పొద్దున కిటికీ దగ్గర నిలబెట్టి రెప్ప మీది వెంట్రుకలు నల్లగా ఉన్నాయో లేదో చూడండి. నల్లగా ఉంటే మాఘానికల్లా రెప్ప చాలావరకు నిండే అవకాశం బాగుంది. నుదురూ అంతే. నడుం మధ్యస్తం, అదీ రాపిడి ఆగితే. వేళ్ల కొసలకి ఎనిమిది నెలల్లో రంగు వస్తుందని నేను మాటివ్వను, ఎవరైనా ఇస్తే నమ్మకండి.

వరస ఇది. రెప్పకీ నుదుటికీ టాక్రోలిమస్ 0.1 శాతం ఆయింట్‌మెంట్ రోజుకి రెండుసార్లు. రెప్పకి కందిబద్ద అంత చాలు. మొదటి వారం పది రోజులు మండుతుంది, ట్యూబు ఫ్రిజ్‌లో పెట్టి రాస్తే మంట తగ్గుతుంది. చాలామంది ఈ మంటకే భయపడి ఎలర్జీ అనుకుని మానేస్తారు. ఆరు నెలలు రాయకుండా తేల్చొద్దు. నడుముకీ వేళ్లకీ మొమెటసోన్ లాంటి మధ్యరకం స్టెరాయిడ్ నెలలో పదిహేను రోజులు రాసి పదిహేను రోజులు ఆపడం ఒక పద్ధతి.

మచ్చలన్నీ కలిపినా ఆమె అరచెయ్యి ఒకటి రెండింటికి మించవనుకుంటా. అంత తక్కువ మేరకి ఒళ్లంతా పెట్టెలో నిలబెట్టడం అవసరమా అన్నది ఆలోచించాలి. మచ్చ మీదే పడేలా చిన్న దీపం, చేతులకి చేతుల యూనిట్ అయితే చుట్టూ నల్లబడే గొడవ తగ్గుతుంది.

దీపాలగది
ఇక్కడ నేను ఒప్పుకోను సార్. నెలలో కొత్త మచ్చలు వస్తున్నప్పుడు ఒళ్లంతా లైటు పడితే పాకడం కూడా ఆగుతుంది. చిన్న దీపం ఉన్న మచ్చనే చూస్తుంది, రేపు రాబోయేదాన్ని చూడదు.

స్కిన్_ఓపీ
న్యాయమైన మాటే. నేను ఆ పనిని మాత్రకి అప్పగించాలనుకున్నా. వారానికి రెండు రోజులు వరసగా తక్కువ మోతాదు స్టెరాయిడ్, మిగతా అయిదు రోజులు ఏమీ లేదు. ఇది ఢిల్లీ ఎయిమ్స్ నుంచి వచ్చిన పద్ధతే. మూడు నుంచి ఆరు నెలలు వాడితే చాలామందిలో వ్యాప్తి ఆగుతుంది. కానీ మొటిమలు, బరువు పెరగడం, నెలసరి అటూ ఇటూ కావడం, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. పెళ్లికి ముందు అమ్మాయికి అవి ఎంత భారమో చూసుకోవాలి. షుగర్, బీపీ చూడకుండా మొదలుపెట్టకూడదు. మాత్రా లేక ఒళ్లంతా లైటా అన్నది ఇద్దరు చర్మవైద్యుల్ని అడిగితే రెండు జవాబులు వస్తాయి. ఒళ్లంతా లైటుకి ఓటేస్తే నేను గొడవపడను, పైగా అది గర్భంలో కూడా వాడొచ్చు. అప్పుడు ఫోలిక్ ఆసిడ్ మాత్ర జతచేస్తారు.

ఈలోగా టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. బొల్లి ఉన్నవాళ్లలో థైరాయిడ్ మీద కూడా ఇలాంటి దాడే జరుగుతుండటం తరచూ చూస్తాం.

కుంకుమభరిణె
పెళ్లి దగ్గర పడుతుంటే పార్లర్‌కి తీసుకెళ్తారు. అక్కడ కనుబొమ్మలకి థ్రెడింగ్ చేయించొద్దని ఎవరైనా చెప్పండి. రెప్పకి వేలెడు దూరంలో చర్మం లాగి వెంట్రుకలు పీకుతారు. చేతులకి వాక్సింగ్, ముఖానికి బ్లీచ్, పీచుతో ఒళ్లు తోమడం, అన్నీ ఆ నాడా కోవలోవే. నడుముకి లంగా నాడా బదులు వెడల్పాటి మెత్తటి పట్టీ కుట్టించండి, చుడీదార్‌కి కూడా. రోజూ ఒకే గీత మీద బిగించకుండా వేలెడు పైకీ కిందకీ మార్చి కట్టుకోవాలి.

వేళ్ల సంగతికి నాదొక ఉపాయం. గోరింటాకు! వేళ్ల కొసలకి తొడుగుల్లా పెట్టుకోవడం మన అలవాటేగా. పెళ్లి చేతులు కాబట్టి ఎవరూ వింతగా చూడరు.

స్కిన్_ఓపీ
గోరింటాకు ఉపాయం బాగుంది. దాని ఎరుపు చర్మం పైన చచ్చిన పొరకి అంటుకుంటుంది, రంగు కణాలతో దానికి పనిలేదు. తెల్లమచ్చ మీదా బాగానే పండుతుంది. షరతు ఒకటే: చెట్టు ఆకు రుబ్బి పెట్టుకోవాలి. త్వరగా నల్లగా పండుతుందని అమ్మే కోనుల్లో తలరంగు రసాయనం కలుపుతారు, అది మళ్లీ తెల్లమచ్చలు తెచ్చే జాతి. రెప్పకి, నుదుటికి ఏమైనా మిగిలితే నీటికి చెదరని కవరింగ్ క్రీమ్ దొరుకుతుంది. ఒంటికి డైహైడ్రాక్సీఅసిటోన్ ఉన్న లోషన్ రాస్తే గోధుమరంగు మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. వేళ్ల మీద నిలవదు, చేతులు కడిగినప్పుడల్లా పోతుంది. పెళ్లికి నెల ముందే ఒకసారి వేసి చూడండి, అమ్మాయి ఛాయ మీద నారింజరంగు కొడుతుందేమో తెలుస్తుంది.

ఓరుగల్లు_పిలగాడు
అన్నా, ఆపరేషన్ జేస్తరట గదా, తొడ మీది తోలు తీసి పెడ్తరట. గది చేపిస్తే ఎనిమిది నెలలు ఎందుకు?

స్కిన్_ఓపీ
చేస్తారు తమ్మీ. తొడ నుంచి పల్చటి పొర తీసి, కణాలని విడదీసి, ద్రావణంలా చేసి మచ్చ మీద పరుస్తారు. కానీ కనీసం ఏడాది పాటు కొత్త మచ్చ రాకుండా, ఉన్నది పెరగకుండా ఉంటేనే. ఇప్పుడు చేస్తే పెట్టిన చోటా నిలవదు, తీసిన తొడ మీద కొత్త మచ్చ వస్తుంది. ఒక పక్కకే పరిమితమై, ఏడాది రెండేళ్లలో ఆగిపోయే బొల్లి ఇంకో రకం ఉంది, దానికి ఇది బాగా కుదురుతుంది. ఈ అమ్మాయిది ఆ రకం కాదు.

మాటసాయం
నేను చర్మం మనిషిని కాదు, కౌన్సెలింగ్ చేస్తా. చర్మవ్యాధి విభాగాల నుంచి మా దగ్గరికి పంపేవాళ్లలో బొల్లి ఉన్న అమ్మాయిలు చాలామంది. అన్నగారూ, ఆమె అద్దంలో రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటోంది? ఫోన్లో రోజూ ఫొటో తీసి పోల్చుకుంటోందా? రంగు నెలల్లో కదులుతుంది, రోజూ చూస్తే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. నెలకి ఒకే తేదీన, ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరంలో ఒక్క ఫొటో. అది డాక్టరుకీ పనికొస్తుంది.

ఇంట్లో "నువ్వు టెన్షన్ పడటం వల్లే వచ్చింది" అనేవాళ్లు ఉంటే ఆపించండి. మానసిక ఒత్తిడికీ దీనికీ సంబంధం కొందరిలో కనిపిస్తుంది గానీ, ఆమె తెచ్చుకున్న జబ్బు అన్నట్టు మాట్లాడితే అదనంగా నేరం మోపినట్టే. పేరంటాలకి వెళ్లడం మానేసిందా, ఎండాకాలం కూడా పూర్తి చేతుల జాకెట్టేనా, భోజనాల దగ్గర చేతులు దాచుకుంటోందా చూడండి. రెండు వారాలుగా నిద్ర, తిండి తగ్గి, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే టాక్రోలిమస్‌కి ఆరు నెలలు ఆగినట్టు దీనికి ఆగొద్దు. మానసిక వైద్యులకి చూపించండి, టెలిమానస్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

పెళ్లివారికి చెప్పారా? అది మీరు రాయలేదు.

విజీనగరం_అన్న
చెప్పలేదండీ. అమ్మ వద్దంటోంది. చెల్లి చెప్పేద్దామంటోంది. నాకే తెలియట్లేదు.

రామారావు_మాస్టారు
పెళ్లయ్యాక చెప్పొచ్చు. తెల్లకుష్టు అంటే ఎవరు చేసుకుంటారు నాయనా, చేసుకున్నా రేపు విడాకులంటారు.

మాటసాయం
మాస్టారూ, ఆ పేరే సగం ప్రాణం తీస్తోంది. కుష్టుకీ దీనికీ చుట్టరికం లేదు. కుష్టు మచ్చ పాలలా తెల్లబడదు, అక్కడ సూదితో తాకితే స్పర్శ తెలియదు. అది క్రిమి వల్ల వచ్చేది, మందులతో నయమయ్యేది. బొల్లి మచ్చ మీద చీమ పాకినా తెలుస్తుంది, అంటుకోదు. విడాకుల చట్టంలో ఉన్నది కుష్టు మాట. 2019లో దాన్నీ తీసేశారు.

వేళ్ల కొసలు దాగేవి కావు. మంగళసూత్రం కట్టేటప్పుడు కనపడకపోయినా, మర్నాడు అన్నం వడ్డించేటప్పుడు కనిపిస్తాయి. దాచిందన్న మాట మచ్చ కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. నేనైతే అమ్మాయినే చెప్పనిస్తాను, తన మాటల్లో, అబ్బాయికి ముందు.

స్కిన్_ఓపీ
వాళ్లు అడిగే మొదటి ప్రశ్న "పిల్లలకి వస్తుందా" అని ఉంటుంది. జన్యువుల పాత్ర ఉంది, కానీ అంతా వాటిదే కాదు. తోబుట్టువులకి వచ్చే అవకాశం సుమారు ఆరు శాతం, పిల్లలకీ ఇంచుమించు అంతే. ఒకే పోలికల కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి వచ్చేది కూడా నాలుగో వంతు లోపే. ఈ మాట ముందే తెలిసి వెళ్తే తడబడాల్సిన పని ఉండదు.

రామారావు_మాస్టారు
కుష్టు గురించి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. పెళ్లి విషయంలో మాత్రం నా మాట నాదే. అబ్బాయి సరే అన్నా ఇంటి పెద్దలున్నారు.

విజీనగరం_అన్న
నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చాను. ఊడ్స్ దీపం కింద చూసి బొల్లేనన్నారు. మోచేతుల మీద మాకు కనపడని రెండు చిన్న మచ్చలు కూడా దాంట్లో తేలాయి. థైరాయిడ్ తేడాగా ఉంది, మందు మొదలుపెట్టారు. కంటి ఒత్తిడి మామూలే. ఒళ్లంతా లైటే ఇచ్చారు, మాత్ర ఇవ్వలేదు. మూడో నెలకి రెప్ప మీద గసగసాల చుక్కలు వచ్చాయి, ఇప్పుడు సగం పైగా కలిసిపోయాయి. నుదుట అంచుల నుంచి మూస్తోంది. నడుం గీత పెరగలేదు, తగ్గలేదు. వేళ్లు మీరు చెప్పినట్టే ఉన్నాయి.

చెల్లి అబ్బాయికి తనే చెప్పింది. ఆయన సరేనన్నారు, వాళ్ల అమ్మగారు ఇంకా ఏమీ అనలేదు. ఆ సంగతి తేలాక రాస్తాను.

ఇప్పటి ప్రశ్న వేరే. దసరాకి ఊరెళ్లి పన్నెండు రోజులు సిట్టింగులు పోయాయి. చివరిసారి 1,200 మిల్లీజూల్స్ ఇచ్చారు. ఇప్పుడు మళ్లీ 200 నుంచా?

దీపాలగది
కాదు అన్నగారూ. వారంలోపు పోతే పాత మోతాదే ఇస్తాం. ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులైతే పావు వంతు తగ్గిస్తాం, అంటే మీకు 900. మూడో వారంలోకి వెళ్తే సగం. మూడు వారాలు దాటితేనే మొదటికి. ముఖానికి విడిగా లెక్క రాస్తుంటే దానికీ ఇదే పావు కోత. మీ గదిలో పట్టిక వేరేలా ఉంటే వాళ్లది పాటించండి, యంత్రానికీ యంత్రానికీ తేడా ఉంటుంది. పన్నెండు రోజులని ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్లు పాత కార్డు చూసి 1,200 పైన ఇంకో పది శాతం కలుపుతారు, అప్పుడు రెప్ప మీద బొబ్బ వస్తుంది.

కుంకుమభరిణె
రెప్ప పూర్తిగా నిండాక టాక్రోలిమస్ ఆపెయ్యొచ్చా స్కిన్_ఓపీ గారూ?

స్కిన్_ఓపీ
ఆపెయ్యకూడదు. దాడి చేసిన టీ కణాల్లో కొన్ని అదే చోట చర్మంలోనే తిష్ఠ వేసుకుని ఉంటాయి, అందుకే మానిన ఏడాదిలో చాలామందికి సరిగ్గా పాతచోటే తెల్లబడుతుంది. వారానికి రెండు రోజులు రాస్తూ ఉంటే అలా తిరగబెట్టడం బాగా తగ్గింది. పెళ్లి హడావిడిలో ట్యూబు అత్తారింటికి వెళ్లే పెట్టెలో పడిందో లేదో చూసుకోండి.